నెల ఉత్తమ ఉద్యోగి ప్రశంసా పత్రం: వాక్య రచన

కార్యాలయ లేఖ, మెమో, నోటీసు వంటి రూపాలను మీరు ఇంతకు ముందు పాఠాలలో చదివారు. వాటిలో విషయం చెప్పడానికి ఒక పేజీ వరకు చోటు ఉంటుంది. ప్రశంసా పత్రంలో ఉండేది మూడు నాలుగు వాక్యాలు మాత్రమే. చట్రం, ముద్ర, సంతకం, రంగు అంచు ఇవన్నీ ముద్రణాలయం వారు సిద్ధం చేసి ఇస్తారు. ఆ మూడు నాలుగు వాక్యాలు మాత్రం ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. చిన్న సంస్థలలో ఆ పని సాధారణంగా డిగ్రీ చదువుతూ గుమాస్తాగానో, అకౌంటెంటుగానో పనిచేస్తున్న వారి మీద పడుతుంది. ఈ పాఠం చదివే వారిలో అటువంటివారు చాలామంది ఉంటారని నాకు తెలుసు.

ఈ పత్రాన్ని ముగ్గురు చదువుతారు. అందుకున్న వ్యక్తి చదువుతారు. పక్కన పనిచేసే తోటివారు చదువుతారు. కొన్నేళ్ల తరువాత, ఆ సంస్థ పేరు కూడా వినని ఒక కొత్త యజమాని చదువుతారు. సీజను పనులలో, కాంట్రాక్టు పనులలో ఉన్నవారికి తాము ఏ పని ఎలా చేశారో చెప్పే కాగితం చాలాసార్లు ఇదొక్కటే. జీతం చీటీ వారు ఎన్ని రోజులు పనిచేశారో చెబుతుంది, పనితనం గురించి ఏమీ చెప్పదు. కాబట్టి ఈ మూడు వాక్యాలలో ఏమి రాశామన్నది వారి తరువాతి ఉద్యోగానికి కూడా సంబంధించిన విషయం.

1. శీర్షిక

తెలుగులో దగ్గర దగ్గరగా కనిపించే నాలుగు పేర్లు ఉన్నాయి. ధ్రువపత్రం ఒక వాస్తవాన్ని నిర్ధారిస్తుంది: ఫలానావారు ఫలానా తేదీ నుంచి ఇక్కడ పనిచేశారు, ఫలానా ఊరిలో నివసిస్తున్నారు, అని. యోగ్యతా పత్రం ఒక అర్హతను తెలుపుతుంది. సన్మాన పత్రం సభలో చదివి వినిపించడానికి రాసేది. ప్రశంసా పత్రం ఒక పనిని గుర్తించి మెచ్చుకుంటుంది. గణతంత్ర దినోత్సవం నాడు, స్వాతంత్ర్య దినోత్సవం నాడు జిల్లా కలెక్టర్లు ఉద్యోగులకు అందజేసేవి ప్రశంసా పత్రాలే. మనం రాయబోయేది కూడా ఈ కోవకు చెందినదే కనుక ఆ పేరే వాడాలి. శీర్షికలో ‘సర్టిఫికెట్’ అని రాసినా తప్పు లేదు గాని, అప్పుడు అది దేనికి సర్టిఫికెట్టో కింద ఇంకొక మాట రాయవలసి వస్తుంది.

రెండవ పంక్తి అవార్డు పేరు. ‘ఎంప్లాయీ ఆఫ్ ది మంత్’ అన్న మాటను పట్టుకుని ‘నెల యొక్క ఉద్యోగి’, ‘ఈ నెల ఉద్యోగి’ అని రాసిన పత్రాలు కనిపిస్తుంటాయి. మొదటిది తెలుగు కాదు. రెండవది తెలుగే గాని దాని అర్థం వేరు. ఒక నెలకే పనిలో పెట్టుకున్న మనిషి అన్నట్టుగా ధ్వనిస్తుంది. ‘మే నెల ఉత్తమ ఉద్యోగి’ అంటే చాలు. నెల పేరు ముందే వచ్చింది కాబట్టి ‘ఈ’ అక్కరలేదు. పత్రం జూన్ మొదటి వారంలో ఇస్తారు కనుక ‘ఈ నెల’ అంటే ఏ నెలో కూడా తేలదు. సంవత్సరం తప్పక వేయాలి: ‘2024 మే నెల ఉత్తమ ఉద్యోగి’. గోడకు తగిలించిన పత్రం మూడేళ్ల తరువాత కూడా తన తేదీ తానే చెప్పుకోవాలి.

2. సన్మాన పత్రం తీరు ఇక్కడ ఎందుకు పనికిరాదు

చాలామందికి నమూనాగా గుర్తుకు వచ్చేది సన్మాన పత్రం. దాని భాష ఒక ప్రత్యేకమైన భాష. ‘మహోదయా’ అని పిలుస్తుంది. ‘మీరు’ అని ఎదుటి మనిషితోనే మాట్లాడుతుంది. సమాసాలు దట్టంగా ఉంటాయి. సభలో చదువుతున్నప్పుడు ఆ ఊపు వినడానికి బాగుంటుంది. ఎదుట కూర్చున్నవారికి ఆ పెద్దమనిషి చరిత్ర ముందే తెలుసు కాబట్టి వివరాలు లేకపోయినా లోటు తెలియదు.

ప్రశంసా పత్రం ఆ మనిషితో మాట్లాడదు, ఆ మనిషి గురించి ఇతరులతో మాట్లాడుతుంది. చదివేవారికి ముందుగా ఏమీ తెలియదు. అందుచేత ఇందులో ప్రథమ పురుషే వాడాలి: ‘మీరు అమలు చేశారు’ అని కాక, ‘అమలు చేశారు’ అని. రెండింటినీ కలిపితే పత్రం సగంలో గొంతు మారినట్టు ఉంటుంది. ‘శ్రీమతి ఫలానావారికి’ అని మొదలుపెట్టి, మూడవ పంక్తిలో ‘మీ సేవలు’ అని రాసిన పత్రాలు కోకొల్లలు.

వివరం చెప్పి మెచ్చుకునే అలవాటు మనకు కొత్తది కాదు. క్రీ.శ. 848 నాటిదని చెప్పే అద్దంకి శాసనాన్ని తెలుగు సాహిత్య చరిత్ర పాఠాలలో మీరు చూసే ఉంటారు. గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు చేసిన పనులను అది చెబుతుంది. పన్నెండు బోయ కొట్టాలను స్వాధీనం చేసుకున్నాడని, కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేశాడని, కందుకూరును బెజవాడ అంతటిదిగా చేశాడని అందులో ఉంది. సంఖ్య ఉంది, స్థలాల పేర్లు ఉన్నాయి, ఏం చేశాడో చెప్పే క్రియలు ఉన్నాయి. అతడు పరాక్రమవంతుడని ఎవరూ విడిగా చెప్పనక్కరలేదు. నేటి సైనిక శౌర్య పతకాలతో పాటు వెలువడే ప్రశంసా వాక్యాలు కూడా ఇదే తీరులో, ఏ రోజు, ఏ చోట, ఏం జరిగిందన్న క్రమంలో నడుస్తాయి. మన పత్రానికి దగ్గరి చుట్టం ఈ శాసనమే గాని సన్మాన పత్రం కాదు.

3. ఒక ఉదాహరణ: మామిడి షెడ్డు

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు రెవెన్యూ డివిజన్‌లోని రెడ్డిగూడెం మండలం మామిడి తోటలకు పేరు పొందిన ప్రాంతం. బంగినపల్లి, అక్కడివారు కలెక్టర్ కాయ అని పిలిచే తోతాపురి ఎక్కువగా పండుతాయి. వేసవిలో తోటల నుంచి కాయ తెచ్చి, గ్రేడింగు చేసి, ట్రేలలో సర్ది పంపే షెడ్డు ఒకటి అక్కడ ఉన్నదని ఊహించండి. ముప్పై మంది పనివారు ఉన్నారు. నెలకు ఒకరికి ప్రశంసా పత్రం ఇవ్వాలని యజమాని నిర్ణయించారు. మే నెలకు గ్రేడింగు సూపర్‌వైజరును ఎంపిక చేశారు. కింది ఉదాహరణలోని అంకెలన్నీ అభ్యాసం కోసం వేసుకున్నవే.

లెక్కలు చూసే యువకుడు రాసిన మొదటి ప్రతి ఇలా ఉంది:

‘అంకితభావంతో, నిబద్ధతతో, క్రమశిక్షణతో తన విధులను సమర్థవంతంగా నిర్వర్తించి సంస్థ అభివృద్ధికి విశేష కృషి చేసినందుకు గాను ఈ ప్రశంసా పత్రం ప్రదానం చేయబడినది.’

వ్యాకరణపరంగా ఇందులో పెద్ద దోషం లేదు. లోపం ఏమిటో తెలియాలంటే ఒక చిన్న పరీక్ష చేయాలి. పేరు ఉన్న పంక్తిని చేతితో మూసి, మిగిలినది ఆ షెడ్డులో పనిచేసే వారికి చదివి వినిపించాలి. ఇది ఎవరి గురించో వారు చెప్పగలగాలి. ఈ వాక్యం విని ఎవరూ చెప్పలేరు. లారీ డ్రైవరుకు, కాపలాదారుకు, గుమాస్తాకు, ఎవరికైనా ఇది సరిపోతుంది. బడి పంతులుకు, బ్యాంకు మేనేజరుకు కూడా సరిపోతుంది. అందుకున్న మనిషి సంతోషిస్తుంది గాని, వచ్చే నెల ఇంకొకరికి ఇవే మాటలు రాసినప్పుడు ఆ సంతోషం పోతుంది.

వివరం ఎక్కడ దొరుకుతుంది? ముందుగా ఆ పనిని దగ్గర నుంచి చూసినవారిని అడగాలి. ఎలా అడగాలన్నది ముఖ్యం. ఆ యువకుడికీ, షెడ్డులో చాలా కాలంగా ఉన్న పెద్ద గుమాస్తాకూ మధ్య మాట ఇలా సాగిందనుకుందాం:

‘ఈ నెల గ్రేడింగు సూపర్‌వైజరుకు ఇస్తున్నాం కదా బాబాయ్, ఆవిడ ఏం చేశారని రాయమంటారు?’

‘బాగా చేస్తుంది బాబూ. ఆవిడకివ్వడం న్యాయమే.’

‘బాగా అంటే ఏమిటి బాబాయ్?’

‘పోయిన నెల దాకా సొన మరకలున్నాయని ట్రేలు వెనక్కి కొట్టేవాళ్లు. ఇప్పుడు ఆ గొడవ తగ్గింది.’

‘ఎందుకు తగ్గింది?’

‘ఆవిడే జాలీ బల్లలు వేయించిందిగా. తొడిమ తుంచిన కాయను బల్ల మీద బోర్లిస్తారు. సొన కారిందాకా ట్రేలోకి వేయనివ్వదు. మొదట్లో ఆలస్యమవుతోందని కూలీలు గొణిగారు కూడా.’

‘బాగా’ అన్న మాట దగ్గర ఆగకుండా ‘అంటే ఏమిటి’, ‘ఎందుకు’ అని రెండు ప్రశ్నలు వేయడంతో పత్రానికి కావలసిన సరుకు దొరికింది. మామిడి తొడిమ తుంచినప్పుడు వచ్చే సొన తొక్క మీద పడితే అక్కడ కమిలి నల్లటి మచ్చ అవుతుంది. లోపలి గుజ్జు బాగానే ఉన్నా కాయకు ధర పడిపోతుంది. ఆమె చేసిన మార్పు దీనిని ఆపింది. ఇప్పుడు ఇది ఎవరి గురించో షెడ్డులో ఎవరైనా చెప్పగలరు.

తరువాతి పని రిజిస్టరు చూడడం. గుమాస్తా ‘తగ్గింది’ అన్నారు, ఎంత తగ్గింది? వెనక్కి వచ్చిన ట్రేలు ఏప్రిల్‌లో 46, మేలో 11 అని రిజిస్టరులో ఉందనుకోండి. వెంటనే ఆ రెండు అంకెలనూ రాసేయాలనిపిస్తుంది. అయితే పంపిన ట్రేలు ఎన్ని అన్నది కూడా చూడాలి. ఏప్రిల్‌లో కాయ తక్కువ, 2,300 ట్రేలు పంపారు. మేలో 5,500 పంపారు. అంటే ఏప్రిల్‌లో ప్రతి వెయ్యి ట్రేలకు 20 వెనక్కి వచ్చాయి, మేలో ప్రతి వెయ్యికి 2 వచ్చాయి. 46, 11 అన్న అంకెలు ఆమె పనిని తక్కువ చేసి చూపుతున్నాయి. ఒకవేళ మేలో పంపిన ట్రేలు తక్కువై ఉంటే అవే అంకెలు ఎక్కువ చేసి చూపేవి. అంకె వేసే ముందు అది దేనిలో ఎంత అని చూసుకోవడం ఇందుకే.

ఇంకొక ప్రశ్న మిగిలి ఉంది. తగ్గుదల అంతా ఆమె వల్లనేనా? మేలో కొన్న వ్యాపారి వేరే మనిషి కావచ్చు, అతడు మరకలను అంతగా పట్టించుకోకపోవచ్చు. తోటలో కోతవారు కూడా ఆ నెలలో తొడిమను కొంచెం పొడవుగా ఉంచి కోయడం మొదలుపెట్టి ఉండవచ్చు. ఇది తేల్చే పరిశోధన మనం చేయలేం, చేయనక్కర కూడా లేదు. ‘దీనివల్ల’ అన్న ఒక్క మాట తీసేస్తే చాలు. ఆమె చేసిన పని ఒక వాక్యంలో, ఆ నెలలో కనిపించిన ఫలితం పక్క వాక్యంలో పెడితే రెండూ నిజాలే అవుతాయి. కోతవారు కూడా ‘మా సంగతేమిటి’ అని అడగవలసిన పని ఉండదు.

మార్చి రాసిన ప్రతి:

‘ప్రశంసా పత్రం
2024 మే నెల ఉత్తమ ఉద్యోగి
........................ గారికి
గ్రేడింగు సూపర్‌వైజర్

తొడిమ తుంచిన మామిడి కాయలను జాలీ బల్లలపై బోర్లించి, సొన కారిన తరువాతనే ట్రేలలో సర్దే పద్ధతిని వీరు మే నెలలో గ్రేడింగు విభాగంలో ప్రవేశపెట్టి, అందరిచేత పాటింపజేశారు. సొన మరకల కారణంగా తిరిగి వచ్చిన ట్రేలు ఏప్రిల్‌లో వెయ్యికి 20 ఉండగా మే నెలలో వెయ్యికి 2 మాత్రమే ఉన్నాయి. ఈ కృషిని అభినందిస్తూ ఈ పత్రం అందజేస్తున్నాము.’

ఇందులో ‘అంకితభావం’ లేదు, ‘నిబద్ధత’ లేదు. ‘అందరిచేత పాటింపజేశారు’ అన్న చోట అవి రెండూ ఉన్నాయి. కూలీలు గొణిగినా ఆమె వదలలేదన్న సంగతి తెలిసినవారికి ఆ క్రియలో వినిపిస్తుంది. గొణిగారని మాత్రం పత్రంలో రాయకూడదు. అది మిగతా పనివారి మీద ఫిర్యాదు అవుతుంది.

వాక్యాల పొడవును కూడా గమనించండి. మొదటి ప్రతి అంతా ఒకే వాక్యం. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ‘నిర్వర్తించి’, ‘చేసినందుకు’ అని అసమాపక క్రియలను గొలుసుగా పేర్చుకుంటూ పోతే, ఎవరికి, ఏమిటి అన్నది తేలేసరికి చదివేవారికి మొదలు మరుపుకు వస్తుంది. పేరును విడి పంక్తిలో పెట్టి, పనికి ఒక వాక్యం, ఫలితానికి ఒక వాక్యం, అందజేతకు ఒక వాక్యం ఇస్తే ఈ చిక్కు ఉండదు.

4. పేరు పంక్తి

పత్రాలను సాధారణంగా ఏడాదికి సరిపడా ఒకేసారి అచ్చు వేయిస్తారు. పేరు రాయడానికి ఖాళీ వదిలి, దాని తరువాత ‘కు’ అని అచ్చు వేస్తారు. ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. పేరు ‘రామయ్య’ అయితే ‘రామయ్యకు’ అని సరిపోతుంది. ‘లక్ష్మి’ అయితే ‘లక్ష్మికి’ కావాలి, అచ్చులో ఉన్నది ‘కు’. ఇకారాంతమైన పేర్ల తరువాత ‘కి’ వస్తుందన్న సూత్రం మీకు వ్యాకరణ పాఠంలో వచ్చింది. అచ్చు యంత్రానికి ఆ సూత్రం తెలియదు. ఖాళీ తరువాత ‘గారికి’ అని అచ్చు వేయిస్తే ఏ పేరుకైనా సరిపోతుంది, ఎందుకంటే విభక్తి ‘గారు’ మీద చేరుతుంది, పేరు మీద చేరదు.

‘శ్రీ/శ్రీమతి/కుమారి’ అని మూడూ అచ్చు వేసి, అక్కరలేనివి కొట్టివేయడం దరఖాస్తు ఫారానికి తగిన పద్ధతి. మెచ్చుకోలు కాగితం మీద కొట్టివేతలు ఉండకూడదు. పైగా అవివాహిత ఉద్యోగినిని ‘శ్రీమతి’ అనడమో, పెళ్లయిన ఆమెను ‘కుమారి’ అనడమో జరుగుతుంది. ఆమె వివాహానికీ, ఈ పనికీ సంబంధం లేదు. ముందు ఏమీ లేకుండా వెనుక ‘గారికి’ ఉంటే గౌరవం పూర్తిగానే ఉంటుంది. అలవాటు కొద్దీ ముందు ‘శ్రీ’, వెనుక ‘గారు’ రెండూ పెట్టేవారు ఉన్నారు. అది దోషమని నేను అనను గాని, రెండింటిలో ఒకటి చాలు.

పేరు వరుస, అక్షరాలు ఆ ఉద్యోగినే అడిగి తెలుసుకోవాలి. ఇంటిపేరు పూర్తిగా రాయాలా, పొడి అక్షరం చాలునా? హాజరు పట్టీలో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు ఖాతాలో అత్తింటి ఇంటిపేరు ఉన్న స్త్రీలు చాలామంది ఉంటారు. పత్రాన్ని రేపు ఇంకొక చోట చూపించవలసి వస్తే గుర్తింపు కార్డులోని పేరుతో కలవాలి. తెల్ల కాగితం మీద ఆమె చేతనే పేరు రాయించుకుని దానిని చూసి రాయడం అన్నిటికంటే సులభం. ‘సుజాత’ను ‘సుజాతా’ అని, ‘వేంకట’ను ‘వెంకట’ అని దిద్దే అధికారం మనకు లేదు. రాయడం రాని వారైతే గుర్తింపు కార్డు చూడాలి.

హోదాకు వాడుకలో ఉన్న మాటే రాయండి. ‘పర్యవేక్షకురాలు’ చక్కని మాటే. షెడ్డులో అందరూ ఆమెను ‘సూపర్‌వైజరు’ అంటారు, ఆమె కూడా తనను అలాగే చెప్పుకుంటుంది. తరువాత ఉద్యోగమిచ్చేవారు వెతికేది కూడా ఆ మాటనే.

5. చివరి క్రియ

‘ప్రదానం చేయబడినది’ అన్నది ఆంగ్ల కర్మణి వాక్యానికి నీడ. ఇచ్చింది ఎవరో చెప్పకుండా దాటవేస్తుంది. ప్రభుత్వ పత్రాలలో ‘ప్రదానం చేయడమైనది’ అన్న రూపం కనిపిస్తుంది. దానికి అధికార భాషలో స్థిరపడిన చోటు ఉంది కనుక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసేవారు దానిని వాడవచ్చు. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది, అధికార భాషా సంఘం 1974లో ఏర్పడింది. ఇటువంటి రూపాలలో కొన్ని అంతకు ముందు నుంచీ ఉన్నవే, కొన్ని అనువాదాలతో పాటు వచ్చినవి. ముప్పై మంది ఉన్న షెడ్డులో ‘అందజేస్తున్నాము’ అన్నదే సహజం. కింద యజమాని సంతకం ఉంటుంది కాబట్టి ‘మేము’ ఎవరో స్పష్టమే. యజమాని ఒక్కరే అయినా సంస్థ తరఫున ఇస్తున్నారు కనుక బహువచనం సరైనది.

‘ప్రధానం’, ‘ప్రదానం’ తేడా మీకు తెలిసినదే. అయినా అచ్చు వేయించిన పత్రాలలో తరచుగా కనిపించే తప్పు ఇదే. ఇవ్వడం ‘ప్రదానం’, ముఖ్యమైనది ‘ప్రధానం’. అందరి గోడల మీదా ఉండే తప్పు కనుక ప్రూఫు చూసేటప్పుడు ముందు ఈ మాట దగ్గర ఆగండి. ‘అందజేస్తున్నాము’ వాడితే ఈ బెడద ఉండదు. ప్రూఫు దగ్గర ఇంకొక సంగతి: డి.టి.పి.లో ఒక ఫాంటు నుంచి మరొక ఫాంటుకు మార్చినప్పుడు వత్తులు జారిపోతాయి, ‘స్త్ర’, ‘ర్థ్య’ వంటివి విడిపోతాయి. తెర మీద సరిగా ఉన్నది కాగితం మీద సరిగా ఉండాలని లేదు. ఒక ప్రతి అచ్చు తీయించి, దానినే చదవాలి.

6. మెచ్చుకోలు మాటున వచ్చే గాయాలు

కొన్ని పొగడ్తలు అందుకునేవారికో, తోటివారికో నష్టం చేస్తాయి. వీటిలో అన్నిటికంటే సాధారణమైనది సెలవు గురించిన పొగడ్త. ‘నెలంతా ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా’ అని రాస్తే, సెలవు పెట్టినవారు తప్పు చేసినట్టు అవుతుంది. జ్వరం వచ్చినా పనికి రావాలన్న సందేశం గోడ మీదకు ఎక్కుతుంది. హాజరును మెచ్చుకోవాలనుకుంటే దానికి విడిగా బహుమతి పెట్టుకోవచ్చు. ఉత్తమ ఉద్యోగి పత్రంలో పని గురించే రాయాలి. ‘గర్భవతిగా ఉండి కూడా’, ‘భర్త అనారోగ్యంతో ఉన్నా’ వంటివి కూడా ఇటువంటివే. జాలితో రాసినవే అయినా, ఇంటి విషయాలు ఆమె అనుమతి లేకుండా చట్రంలోకి ఎక్కుతాయి.

పోలికలు మరొకటి. ‘ఇతరులకు భిన్నంగా’, ‘విభాగంలో అందరికంటే’ అన్న మాటలు ముప్పై మందిలో ఇరవై తొమ్మిది మందిని తక్కువ చేస్తాయి. పోల్చడానికి ఆమె పాత నెలే ఉంది, పై ఉదాహరణలో ఏప్రిల్‌ను వాడుకున్నట్టు. లేమిని చెప్పే పొగడ్తను కూడా గమనించండి. ‘ఎటువంటి నిర్లక్ష్యం లేకుండా’ అని రాస్తే చదివేవారికి ముందు తట్టేది నిర్లక్ష్యమే. ‘జాగ్రత్తగా’ అంటే సరిపోతుంది, ఆ జాగ్రత్త ఏమిటో చెబితే ఇంకా బాగుంటుంది.

ఇద్దరు ముగ్గురు కలిసి చేసిన పనిని ఒక్కరి పేరు మీద రాయడం షెడ్డులోనే కాదు, పెద్ద కార్యాలయాలలో కూడా జరుగుతుంది. జాలీ బల్లలు చేసిన వడ్రంగి పని కూడా అందులో ఉంది కదా అనవచ్చు. అందుకే పత్రంలో ‘పద్ధతిని ప్రవేశపెట్టి’ అని రాశాం, ‘బల్లలు తయారు చేసి’ అని రాయలేదు. క్రియ ఎంపికలోనే ఎవరి వాటా ఎంతో తెలుస్తుంది: ‘సూచించారు’, ‘ప్రవేశపెట్టారు’, ‘నడిపించారు’, ‘సహకరించారు’. ఈ నాలుగూ వేరు వేరు పనులు.

7. పన్నెండు నెలల ఇబ్బంది

నెలనెలా ఇచ్చే పత్రానికి ఏడాదికోసారి ఇచ్చే దానికి లేని చిక్కు ఒకటి ఉంది. నాలుగైదు నెలలు గడిచేసరికి మాటలు అయిపోతాయి. పాత పత్రం తెరిచి, పేరు మార్చి అచ్చు తీయడం మొదలవుతుంది. దీనిని గుర్తించడం తేలిక. గోడ మీద వరుసగా ఉన్న పత్రాలలోని పని వాక్యాలను ఒక కాగితం మీద రాసుకుని చూస్తే రెండు ఒకేలా ఉంటాయి.

దీనికి మందు కొత్త విశేషణాలు వెతకడం కాదు, నెల మధ్యలోనే సంగతులు నమోదు చేయడం. హాజరు పట్టీ చివర ఒక పేజీ కేటాయించి, ఎవరైనా గుర్తుంచుకోదగిన పని చేసిన రోజున తేదీ, పేరు, పని ఒక్క పంక్తిలో రాసి ఉంచాలి. నెలాఖరుకు నాలుగైదు పంక్తులు ఉంటాయి. ఎంపికకు కూడా అవే ఆధారం. ఎంపిక అయిన తరువాత కారణం వెతకడం, కారణాలు చూసి ఎంపిక చేయడం, ఈ రెండింటిలో ఏది జరిగిందో పత్రం చదివితే తెలిసిపోతుంది. నెలలో చెప్పుకోదగిన పని ఏదీ నమోదు కాకపోతే ఆ నెల పత్రం ఇవ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం. చాలా సంస్థలు దీనికి ఒప్పుకోవు, ఖాళీ నెల ఉంటే పనివారు నిరుత్సాహపడతారని అంటాయి. వంతుల వారీగా ఇస్తున్నారని పనివారికి తెలిసిన తరువాత ఆ పత్రాన్ని వారు ఇంటికి కూడా తీసుకువెళ్లరు. నేను చూసిన ఒక కార్యాలయంలో అవి సొరుగులోనే ఉండిపోయేవి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుకు ఆగస్టు నెల ఉత్తమ ఉద్యోగి పత్రం ఇవ్వాలి. కార్యదర్శి మీకు ఇచ్చిన వివరాలు ఇవి: ‘చాలా ఓపికమంతుడు. ఎంత రద్దీ ఉన్నా విసుక్కోడు. వృద్ధులను వరుసలో నిలబెట్టకుండా పొద్దున్నే పది నుంచి పదకొండు దాకా వారి దరఖాస్తులు మాత్రమే తీసుకునే ఏర్పాటు చేశాడు. తల్లి ఆసుపత్రిలో ఉన్నా సెలవు పెట్టలేదు.’ పని వాక్యాన్ని, అందజేత వాక్యాన్ని రాయండి. అవసరమైతే కార్యదర్శిని అడగవలసిన ఒక ప్రశ్న రాయండి.

నమూనా జవాబు

‘దరఖాస్తులతో వచ్చే వృద్ధులు వరుసలో వేచి ఉండే అవసరం లేకుండా, ఉదయం 10 నుంచి 11 గంటల వరకు వారి దరఖాస్తులను మాత్రమే స్వీకరించే ఏర్పాటును వీరు ఆగస్టు నెలలో అమలు చేశారు. ఈ సేవను అభినందిస్తూ ఈ పత్రం ప్రదానం చేయడమైనది.’

ఓపిక గురించిన మాట విడిగా రాయలేదు, ఏర్పాటులోనే అది ఉంది. తల్లి అనారోగ్యం, సెలవు ప్రస్తావన వదిలేశాం. అడగవలసిన ప్రశ్న: ‘ఈ వేళలో ఆగస్టులో ఎంతమంది వృద్ధుల దరఖాస్తులు తీసుకున్నారు?’ రిజిస్టరులో ఆ సంఖ్య ఉంటే ఫలితం వాక్యంగా చేర్చవచ్చు. లేకపోతే, ‘చాలామంది’ అని రాయకుండా, పై రెండు వాక్యాలతోనే వదిలేయాలి.